సీపీఎంను పంచాంగంతో కలిపి చదవాలి

ఫోన్ తెరపై ఒక ప్రకటన వెయ్యిసార్లు కనిపించడానికి అయ్యే ఖర్చే సీపీఎం. ఏటా దసరా ముందు ఈ అంకె పెరగగానే, ప్రకటనే బాగాలేదనుకుని దాన్ని ఆపేసే చిన్న వ్యాపారులు తిరుపతిలో కనిపిస్తుంటారు. ఈ తొందర నష్టదాయకమని మేము భావిస్తున్నాం. బ్రహ్మోత్సవాల్లో లాడ్జి అద్దె పెరిగితే గది మారిందని ఎవరూ అనుకోరు. ప్రకటన స్థలం కూడా వేలంలో అమ్ముడయ్యేదే. బిగ్ బిలియన్ డేస్ వంటి అమ్మకాల వేళ పెద్ద బడ్జెట్లు అదే జనం కోసం పోటీకి దిగుతాయి కనుక, మన ప్రకటనలో అక్షరం మారకపోయినా ధర పెరుగుతుంది.

శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టాలు అమ్మే దుకాణాన్ని ఊహించుకుందాం. ఆగస్టులో సీపీఎం 80 రూపాయలు, ప్రకటన వెయ్యిసార్లు కనిపిస్తే 10 క్లిక్కులు, 40 క్లిక్కులకు ఒక ఆర్డరు. అంటే క్లిక్కు 8 రూపాయలు, ఆర్డరు 320 రూపాయలు పడినట్టు. పండగ వారంలో సీపీఎం 160కి చేరి క్లిక్కు 16 రూపాయలైనా, కొనే ఉత్సాహంతో వచ్చినవారు 20 క్లిక్కులకే ఒక ఆర్డరు ఇస్తే ఖర్చు మళ్లీ 320 రూపాయలే. సీపీఎంను ఒంటరిగా చూసినవారికి ఈ లెక్క అందదు.

అసలు దెబ్బ అమ్మకాలు మొదలవడానికి ముందు రోజుల్లో తగులుతుంది. పోటీ అప్పటికే మొదలై ధర ఎక్కుతుంటుంది, కొనేవారేమో వస్తువును కార్ట్‌లో పెట్టి తగ్గింపు కోసం ఎదురుచూస్తుంటారు. పై దుకాణానికి సీపీఎం 120, ఆర్డరుకు 60 క్లిక్కులు అయితే ఒక్కో ఆర్డరుకు 720 రూపాయలు పోయినట్టు కనిపిస్తుంది. అయితే ఆ క్లిక్కుల్లో కొన్ని వారం తర్వాత ఆర్డర్లవుతాయి కాబట్టి, ఆ రోజుల లెక్కను అప్పుడే తేల్చడం తగదు.

పోటీ వల్ల పెరిగిందా, ప్రకటన పాతబడిందా అన్నది వేరుచేయవచ్చు. ఖాతాలోని ప్రకటనలన్నింటి సీపీఎం ఒకేసారి పెరిగి, క్లిక్కుల శాతం దాదాపు నిలకడగా ఉంటే కారణం చాలావరకు బయటి రద్దీయే. ఒక్క ప్రకటనకే పెరిగి, క్లిక్కులు తగ్గి, ఒకే మనిషికి అది కనిపించే సగటు సంఖ్య ఎక్కుతుంటే జనం దాన్ని చూసి విసిగారన్నమాట, అప్పుడు మార్చాల్సిందే.

గత ఏడాదితో పోల్చేటప్పుడు తేదీలను నమ్మరాదు. విజయదశమి 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న వచ్చింది. అక్టోబరు మొదటి వారాన్ని మొదటి వారంతో పోల్చితే, ఒక ఏడాది పండగకు ముందున్న రోజులను మరో ఏడాది పండగ దాటిన రోజులతో పోల్చినట్టవుతుంది. దసరాకు ఇన్ని రోజుల ముందు, ఇన్ని రోజుల తర్వాత అని వరుస రాసుకున్న పుస్తకంలోనే రెండేళ్ల సీపీఎం ఒకదాని పక్కన ఒకటి సరిగా కూర్చుంటుంది.