17 డిగ్రీల గొడవ సరే, నైరుతి ట్యాంకు నీడ సంగతేంటి?

ఈ మధ్య సోలార్ పెట్టించుకున్నవాళ్లలో కొత్త తగువు ఒకటి మొదలైంది. "మా హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు, ప్యానెళ్ల వాలూ అంతే ఉండాలట. ఇన్‌స్టాలరేమో వాటిని 12 డిగ్రీల వాలులో బిగించి పోయాడు. మోసపోయామా?" అని అడుగుతున్నారు. మోసపోలేదు. కానీ ఆ 5 డిగ్రీల కోసం ఇన్‌స్టాలర్‌తో పోట్లాడుతున్న పెద్దమనిషి డాబా ఫొటో చూస్తే ప్యానెళ్లకు నైరుతి పక్కనే మెట్ల గది, దాని నెత్తిన నీళ్ల ట్యాంకు ఉంటాయి. దాని గురించి మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగడు.

ముందు అక్షాంశం లెక్క చూద్దాం. "వాలు అంటే మీ ఊరి అక్షాంశం, ముఖం దక్షిణానికి" అన్న సూత్రం తప్పేమీ కాదు. మార్చిలో, సెప్టెంబర్‌లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి నుంచి సరిగ్గా మన అక్షాంశమంత దక్షిణానికి ఒరిగి ఉంటాడు. ప్యానెల్‌నీ అంతే వంచితే ఎండ నిలువుగా పడుతుంది. మిగతా రోజుల్లో సూర్యుడు అక్కడ నుంచి 23.4 డిగ్రీల దాకా అటూ ఇటూ ఊగుతాడు. డిసెంబర్ 21న హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు దక్షిణాన 49 డిగ్రీలే. జూన్ 21న నడినెత్తి దాటి 6 డిగ్రీలు ఉత్తరానికి వెళ్లిపోతాడు. మే 9 ప్రాంతం నుంచి ఆగస్టు 3 ప్రాంతం దాకా మధ్యాహ్నపు ఎండ మనకు ఉత్తరం వైపు నుంచే వస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

అందుకే డిసెంబర్ మధ్యాహ్నం 17 డిగ్రీల వాలు ప్యానెల్‌తో పోలిస్తే నేల మీద పడుకోబెట్టిన ప్యానెల్‌కు నేరుగా పడే ఎండ 17 శాతం తగ్గుతుంది. జూన్‌లో లెక్క తిరగబడి, పడుకోబెట్టినదానికే 8 శాతం ఎక్కువ అందుతుంది. అయితే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మనకు మబ్బులు, చలికాలమంతా తేట ఆకాశం. కాబట్టి చలికాలం వైపు మొగ్గు చూపడమే లాభం. ఏడాది మొత్తం చూస్తే అక్షాంశమంత వాలు, లేదా ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ, బాగా పనిచేస్తుంది. పూర్తి చదునుగా పరిచినదాని కంటే దీనికి వచ్చే లాభం దాదాపు 5 శాతం.

మరి 17కి బదులు 12 పెడితే ఎంత పోతుంది? ఏడాదికి అర శాతం కూడా పోదు. 3 కిలోవాట్ల సిస్టమ్ రోజుకు సగటున 12 యూనిట్లు, అంటే ఏడాదికి సుమారు 4,300 యూనిట్లు ఇస్తుందనుకుంటే, ఆ అర శాతం 20 యూనిట్ల చిల్లర. యూనిట్ 7 రూపాయల చొప్పున చూసినా ఏడాదికి 150 రూపాయలు. దీని కోసమా ఇంత రచ్చ? తిరుపతి 13.6, అనంతపురం 14.7, విజయవాడ 16.5, విశాఖ 17.7, ఆదిలాబాద్ 19.7. ఈ ఊళ్లన్నిటికీ 15 డిగ్రీలు పెట్టేసినా ఎవరూ నష్టపోరు.

దిగువన మాత్రం ఒక హద్దు ఉంది. 10 డిగ్రీల కంటే తగ్గిస్తే వాననీళ్లు కింది ఫ్రేము అంచు దగ్గర నిలిచిపోయి, ఎండాక అక్కడ మట్టి చార కడుతుంది. ఆ చార సరిగ్గా కింది వరస సెల్స్ మీద కూర్చుంటుంది. పైన అద్దంలా మెరుస్తున్నా కింద నీడ పడ్డట్టే లెక్క. ఎగువ హద్దును గాలి నిర్ణయిస్తుంది. వాలు పెరిగేకొద్దీ గాలి ప్యానెల్‌ను కింద నుంచి ఎత్తే బలం పెరుగుతుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్‌ను చూసిన విశాఖలో 20 డిగ్రీలు అడిగేవాళ్లను చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. తీరంలో 10 నుంచి 12 చాలు. పోయేది ఒక శాతం లోపే.

ఢిల్లీ యూట్యూబర్ 28 అన్నాడనీ, న్యూజెర్సీలో ఉన్న బావగారు 35 అన్నారనీ ఇక్కడ అదే పెట్టించుకోవడం మరో జబ్బు. ఆయన ఉన్న 40 డిగ్రీల అక్షాంశంలో డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 27 డిగ్రీలే లేస్తాడు, కాబట్టి ఆయనకు ఆ వాలు సరైనదే. మెల్‌బోర్న్‌లో ఉన్న తమ్ముడైతే ఉత్తరానికి పెట్టుకోవాలి. అక్కడి సూత్రం అక్కడే.

వాలు కొలవడానికి యాప్ అక్కర్లేదు. ముందు కాలికీ వెనక కాలికీ మధ్య అడ్డంగా 5 అడుగులుంటే, వెనక కాలు 16 అంగుళాలు ఎత్తుంటే 15 డిగ్రీలు. 10న్నర అంగుళాలైతే 10 డిగ్రీలు. స్లాబ్‌కే నీళ్లు పోవడానికి వాటం ఉంటుంది కాబట్టి కాళ్ల పొడవు చూడకూడదు. మేస్త్రీ నీళ్ల పైపుతో లెవెల్ చూసి, అక్కణ్ణుంచి కొలవాలి.

ఇక దిక్కు. "మాది ఉత్తరం ఫేసింగ్ ఇల్లు, ప్యానెళ్లు కూడా ఉత్తరానికేనా?" అని అడిగేవాళ్లు ఉన్నారు. ఇంటి సింహద్వారానికీ దీనికీ సంబంధం లేదు. హైదరాబాద్‌లో 10 డిగ్రీల వాలుతో ఉత్తరానికి పెడితే ఏడాదిలో 10 శాతం పైనే పోతుంది, డిసెంబర్ మధ్యాహ్నం అయితే దాదాపు మూడో వంతు పోతుంది. తూర్పుకో పడమరకో పెడితే మాత్రం నష్టం 5, 6 శాతంతో సరి. డాబా అలాగే కుదిరితే భయపడక్కర్లేదు. కాకపోతే తూర్పు ముఖం ప్యానెళ్లనీ పడమర ముఖం ప్యానెళ్లనీ ఒకదాని తర్వాత ఒకటి కలిపే ఒకే స్ట్రింగ్‌లో కలపకూడదు. సిరీస్‌లో కరెంటు ఎండ తక్కువ పడిన ప్యానెల్‌కు తగ్గట్టు పడిపోతుంది. ఎంపీపీటీ అంటే స్ట్రింగ్ నుంచి వీలైనంత ఎక్కువ పవర్ రాబట్టే భాగం; అవి రెండున్న ఇన్వర్టర్ తీసుకుని వేరువేరుగా కలపాలి.

ఇల్లు నిక్కమైన దక్షిణానికి 20 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంటే? పిట్టగోడకు సమాంతరంగానే పెట్టండి. 15 డిగ్రీల వాలు మీద ఆ మెలిక వల్ల ఒక శాతం కూడా పోదు. గోడతో వంకరగా పెడితే జాగా పోతుంది, స్ట్రక్చర్ ఖర్చు పెరుగుతుంది.

అసలు దక్షిణం ఎటో తేల్చుకోవడానికి ఫోన్ దిక్సూచిని నమ్మకండి. స్లాబ్‌లో ఇనుము, పక్కన జీఐ పైపులు ఉంటాయి. ముల్లు ఎటైనా తిరుగుతుంది. సూర్యసిద్ధాంతంలో చెప్పిన శంకువు పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ఒక కర్రను తూకం గుండుతో నిటారుగా నిలబెట్టి, దాని చుట్టూ వృత్తం గీయండి. పొద్దున నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, సాయంత్రం మళ్లీ తాకిన చోట ఇంకో గుర్తు. ఆ రెండూ కలిపిన గీత తూర్పు పడమరలు. అంత ఓపిక లేకపోతే సూర్యుడు నడిమికి వచ్చిన వేళ తూకం తాడు నీడ గీసుకోండి, అదే ఉత్తర దక్షిణాల గీత. ఆ వేళ గడియారంలో 12 మాత్రం కాదు. మన టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడ దగ్గర నుంచి పోతుంది. హైదరాబాద్ అక్కడికి 4 డిగ్రీలు పడమర కాబట్టి 16 నిమిషాలు ఆలస్యం. దీనికి తోడు రుతువును బట్టి తేడా ఉంటుంది: ఫిబ్రవరి నడుమ సుమారు 12:30కి, నవంబర్ మొదట్లో 12:00కి సూర్యుడు నడిమికి వస్తాడు.

ఇప్పుడు ఎవరూ అడగని నైరుతికి వద్దాం. వాస్తు ప్రకారం బరువు నైరుతిలో ఉండాలని మన ఇళ్లలో ట్యాంకునూ, చాలాసార్లు మెట్ల గదినీ అక్కడే కడతారు. చలికాలం మధ్యాహ్నం తర్వాత సూర్యుడుండేదీ నైరుతిలోనే. అంటే మంచి ఎండ వచ్చే నెలల్లో, సరిగ్గా మధ్యాహ్నం నుంచి ఆ నీడ ఈశాన్యానికి, ప్యానెళ్ల మీదికి పాకుతుంది.

లెక్క కట్టి చూద్దాం. మెట్ల గది 2.4 మీటర్లు, దాని మీద ట్యాంకు 1.2 మీటర్లు, మొత్తం 3.6. ప్యానెళ్ల కింది అంచు స్లాబ్ నుంచి మీటరు ఎత్తులో ఉంది. అడ్డం వచ్చే ఎత్తు 2.6 మీటర్లు. డిసెంబర్ 21న హైదరాబాద్‌లో సూర్యుడు నడిమికి వచ్చిన 3 గంటల తర్వాత అతని ఎత్తు 30 డిగ్రీలు. అప్పుడు ప్రతి మీటరు ఎత్తుకూ నీడ 1.15 మీటర్లు ఉత్తరానికి, 1.3 మీటర్లు తూర్పుకు పడుతుంది. మన 2.6 మీటర్లకు 3 మీటర్లు ఉత్తరం, 3.4 మీటర్లు తూర్పు. మామూలు 540 వాట్ల ప్యానెల్ 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు. నీడలో రెండు మూడు ప్యానెళ్లు ఇరుక్కున్నట్టే. ఆరు ప్యానెళ్ల స్ట్రింగ్‌లో వాటి బైపాస్ డయోడ్లు పనిచేసి ఆ భాగాలను వదిలేస్తాయి; ఆ గంటల్లో ఉత్పత్తి 30, 40 శాతం పడిపోవడం వింతేమీ కాదు. వాలులో అర శాతం కోసం కొట్లాడిన మనిషి దీన్ని చూడడు.

ఇదే ఇంట్లో ప్యానెళ్లను 2.4 మీటర్ల ఎత్తు స్ట్రక్చర్ మీద పెడితే అడ్డం 1.2 మీటర్లకు తగ్గుతుంది. నీడ 1.4 మీటర్లు ఉత్తరానికి, 1.6 మీటర్లు తూర్పుకు మాత్రమే పోతుంది. కింద బట్టలారేసుకునే జాగా కూడా మిగులుతుంది. ఇనుము ఖర్చు, పునాది బరువు పెరుగుతాయి, నిజమే. లేదంటే ట్యాంకుకు దక్షిణంగా, తూర్పు పిట్టగోడ వైపుకు జరపడం చవకైన మార్గం. స్థలం కుదరకపోతే నీడ పడే ఆ రెండు ప్యానెళ్లను వేరే స్ట్రింగ్‌లో పెట్టండి, లేదా అవి తీసేసి నాలుగే పెట్టుకోండి.

రెండు వరసలు పెట్టేవాళ్లకూ ఇదే 1.15 పనికొస్తుంది. ప్యానెల్ పొడవు వాలు వెంట ఉండేలా 17 డిగ్రీల వాలులో పెడితే వెనక అంచు 67 సెంటీమీటర్లు లేస్తుంది, వెనక వరసకు 77 సెంటీమీటర్లు వదలాలి. 25 డిగ్రీలైతే 1.1 మీటర్లు వదలాలి. చిన్న డాబాలో ఎక్కువ వాలు వద్దనడానికి ఇదీ ఒక కారణం.

సొంతంగా లెక్క చూసుకోవాలంటే సోలార్ ఉత్పత్తిని అంచనా వేసే PVGIS వెబ్‌సైట్ తెరిచి మీ ఊరిని మ్యాప్ మీద గుర్తించి వాలు, దిక్కు ఇవ్వండి. ఒక జాగ్రత్త: అందులో దక్షిణం అంటే 0, తూర్పు -90, పడమర 90. అలాంటిదే ఇంకో సైట్ PVWatts లో దక్షిణం 180. అలవాటు కొద్దీ PVGIS లో 180 కొడితే ప్యానెళ్లు ఉత్తరానికి తిరిగిపోతాయి, "మా ఊళ్లో సోలార్ గిట్టదు" అని తేల్చేస్తారు. ట్యాంకు నీడ అందులో రాదు, అది మీరే చూసుకోవాలి.

ఇప్పటికే బిగించేసినవాళ్లు ఇన్వర్టర్ యాప్‌లో రోజువారీ గీత చూడండి. దక్షిణానికి సరిగ్గా ఉంటే గీత శిఖరం సూర్యుడు నడిమికి వచ్చే వేళే ఉంటుంది. పడమర ముఖమైతే తర్వాతకు జరుగుతుంది. మబ్బుల వల్ల గీతలో పడే గంట్లు రోజుకో చోట ఉంటాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తేటగా ఉన్న ప్రతి రోజూ ఒకే వేళకు, ఉదాహరణకు రెండున్నరకు, గీత మెట్టులా కిందికి దిగి, ఏప్రిల్ వచ్చేసరికి ఆ మెట్టు మాయమైతే అది నీడే. ఆ వేళకు డాబా ఎక్కి నీడ అంచు ఏ ప్యానెల్ మీద ఉందో సుద్దతో ఫ్రేమ్ మీద గీయండి. ఇన్‌స్టాలర్‌ను పిలిచినప్పుడు డిగ్రీల మాట ఎత్తకుండా ఆ గీతలు చూపించండి.