ఇవ్వని బిల్లుకు ఏడవసారి ధ్రువీకరణ పత్రం

డివిజన్ కార్యనిర్వాహక ఇంజనీరు గారికి నమస్కరించి వ్రాయునది. ఈ లేఖను మీ ఇన్‌వార్డు విభాగంలో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. అక్కడితో దాని ప్రయాణం ముగిసిపోతుందని అనుభవం మీద తెలుసు కనుక ఇక్కడ కూడా పెడుతున్నాను. నా బాధ తోటి కాంట్రాక్టర్లకు వివరించి చెప్పనక్కరలేదు.

ఈ ఉదయం నా బిల్లు మళ్లీ వెనక్కి వచ్చింది. "పని పూర్తయిన ధ్రువీకరణ పత్రం జతపరచవలెను" అని దాని మీద ఎర్ర సిరాతో వ్రాశారు. ఆ పత్రం అదే బిల్లులో నాలుగవ పేజీగా ఉన్నది. దాని మీద ఉన్న సంతకం కూడా తమదే. తమ సంతకాన్ని తామే గుర్తుపట్టలేకపోతే ఇక నన్ను గుర్తుపట్టమని ఎలా అడగను?

పని చిన్నది. గ్రామంలో ఒక వీధికి సిమెంటు రోడ్డు, పక్కన మురుగు కాలువ, ఒప్పందం విలువ 9,60,000 రూపాయలు. వర్క్ ఆర్డర్ 2023 ఆగస్టు 21న ఇచ్చారు, గడువు మూడు నెలలు. డిసెంబరు 1న పూర్తి చేశాను. ఏఈ గారు టేపు పట్టి కొలిచి ఎం-బుక్కులో వ్రాశారు, డీఈఈ గారు వచ్చి ఆ కొలతలను సరిచూశారు, 28 రోజుల తరువాత కాంక్రీటు దిమ్మెల పరీక్షా ఫలితం వచ్చింది, 2024 జనవరి 12న తమరు ధ్రువీకరణ పత్రం ఇచ్చారు. ఫిబ్రవరిలో బిల్లుకు టోకెన్ నంబరు కూడా వచ్చింది. ఆ రోజు ఇంట్లో మిఠాయి పంచిన అమాయకుణ్ణి నేను. టోకెన్ అంటే బిల్లు వరుసలో నిలబడిందని మాత్రమే అర్థమని, నిధులు విడుదల అయితే తప్ప వరుస కదలదని తరువాత తెలిసింది.

మార్చి 16న లోక్‌సభ ఎన్నికల నియమావళి వచ్చిందన్నారు. పూర్తయిన పనులకు డబ్బు చెల్లించడాన్ని ఆ నియమావళి ఆపదు. అది మీ గుమాస్తాకు కూడా తెలుసు, అయినా అది చెప్పుకోవడానికి అనువైన కారణం. మార్చి 31 దాటగానే ఆ ఏటి కేటాయింపు మురిగిపోయింది, టోకెన్ రద్దయింది, బిల్లు మళ్లీ మొదటి బల్ల దగ్గరికి చేరింది. 2025 మార్చి 31న కూడా ఇదే జరిగింది. మూడవ మార్చి 31కి ఇంకా ఆరు వారాలే ఉన్నాయి కనుకనే ఈ ఎర్ర సిరా నాకు పొరపాటులా కనిపించడం లేదు.

అసలు మంట ఇది కాదు. గడువు దాటిన 11 రోజులకు నాకు 5,500 రూపాయల జరిమానా వేశారు. కాలువ దారిలో అడ్డంగా ఉన్న కరెంటు స్తంభాన్ని తీయించవలసింది శాఖే అని, అది తీసే వరకు పని సాగదని రెండుసార్లు వ్రాసి ఇచ్చాను. ఆ ఉత్తరాలు కనబడలేదట, జరిమానా లెక్క మాత్రం పైసాతో సహా కనబడింది. నేను 11 రోజులు ఆలస్యం చేస్తే రోజుకు 500. మీరు 25 నెలలు ఆలస్యం చేస్తే, వడ్డీ అడగకూడదని ఒప్పందంలో ఒక షరతు! సిమెంటుకు, కంకరకు, కూలీలకు నేను తెచ్చిన ఆరు లక్షలు రెండు రూపాయల వడ్డీవి. నెలకు 12,000 చొప్పున ఇప్పటికి మూడు లక్షలు కట్టాను. నా షావుకారు దగ్గర ఆ షరతు లేదు.

ఇంకొక వింత ఉన్నది. ఒప్పందం ప్రకారం రెండేళ్ల పాటు రోడ్డులో లోపం వస్తే నా సొంత ఖర్చుతో బాగుచేయాలి. నిరుడు వానలకు కాలువ గోడ ఒక చోట పగిలితే మీ కార్యాలయం నుంచి నాకు మూడు రోజుల్లో నోటీసు వచ్చింది, వెళ్లి కట్టి వచ్చాను. బిల్లు రాని పనికి పూచీ కాలం నడిచింది, గత డిసెంబరుతో ముగిసింది కూడా. బిల్లులోంచి పట్టుకోవలసిన ఏడున్నర శాతం ధరావతును ఈ కాలం ముగిశాక తిరిగి ఇవ్వాలి. ఇవ్వని డబ్బులోంచి పట్టుకోని ధరావతును ఎప్పుడు తిరిగి ఇస్తారో తెలుపగలరు. టెండరు, ఒప్పందం సమయాల్లో నేను కట్టిన 24,000 మాత్రం నిజంగానే మీ దగ్గర ఉన్నాయి. అడిగితే తుది బిల్లు అయ్యాక అంటున్నారు.

ఆ రోడ్డు మూడవ పలకలో, కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడు నడిచిన మేక గిట్టల గుర్తులు ఐదు ఉన్నాయి. పని పూర్తయిందా అన్న సందేహం ఇంకా ఉంటే వచ్చి చూడవచ్చు, ఊరికి వెళ్లడానికి దారి బాగానే ఉన్నది.

నేను కోరేది కరుణ కాదు. ఈ బిల్లు ఏ తేదీన ఏ బల్ల మీద ఉన్నదో, ఎవరు ఏ కారణంతో తిప్పి పంపారో లిఖితపూర్వకంగా చెప్పండి. సమాచార హక్కు చట్టం కింద ఇదే ప్రశ్న ఈ రోజు వేరుగా దాఖలు చేశాను. 30 రోజుల గడువు మార్చి 31కి ముందే ముగుస్తుంది, ఆ లెక్క చూసుకునే వేశాను.

జతపరచినవి: వర్క్ ఆర్డర్ నకలు, ఎం-బుక్కు పేజీల నకళ్లు, స్తంభం గురించిన రెండు ఉత్తరాలు ముద్రలతో సహా, పని పూర్తయిన ధ్రువీకరణ పత్రం (ఏడవసారి).