ఎర్రగడ్డలకు జిప్పు సంచి

వేసవి సెలవుల్లో మా అమ్మాయిని ఈత నేర్చుకునేందుకు చేర్పించాం. దాని స్విమ్ సూటు, నా లెగ్గింగ్సు, ఇంకా పేరు పెట్టి చెప్పని బట్టలు మిషన్లో పడి పాడైపోతున్నాయని ఆన్‌లైన్లో మూడు జాలీ సంచులు తెప్పించాను. సన్న కన్నాల తెల్లటి సంచులు. జిప్పు మొనను దాచడానికి చివర్లో చిన్న ఎలాస్టిక్ తొడుగు కూడా ఉంది.

పార్శిల్ వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే వంటింట్లో మూడు మేకులకు మూడు సంచులు వేలాడుతున్నాయి. ఒకదాంట్లో ఎర్రగడ్డలు, ఒకదాంట్లో తెల్లగడ్డలు, మూడోదాంట్లో ఉర్లగడ్డలు.

"భలే తెప్పించినావే. గాలి ఆడుతుంది, జిప్పు వేస్తే ఎలకా పోదు," అంది అత్త.

మా మామ పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఆ సంచులు దేనికో ఆయన ముందు చెప్పడం నావల్ల కాలేదు. "అవునత్తా, అందుకే తెప్పించినా," అన్నాను. కర్నూలులో పుట్టి పెరిగిన మనిషికి జాలీ సంచి కనిపిస్తే ఎర్రగడ్డలు గుర్తురావడంలో తప్పేముంది చెప్పండి. మార్కెట్ యార్డు ముందు ఒక్కసారి నడిచినా చాలు, కంటికి ఆనే సంచులన్నీ అవే.

ఆదివారం బట్టలు కుప్ప పడ్డాయి. సంచులేమో ఉద్యోగంలో ఉన్నాయి. అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. రైతుబజారు నుంచి ఐదు కిలోల ఎర్రగడ్డలతో వచ్చిన ఎర్ర వల సంచి ఖాళీగా పడి ఉంది. అత్త నా సంచి వాడుకుంటే నేను ఆమె సంచి వాడుకోకూడదా? పొట్టు దులిపి, రెండు బ్రాలు, రెండు లెగ్గింగ్సు, స్విమ్ సూటు కుక్కి, మూతి పురికొసతో కట్టాను. దాన్ని మా ఆయన జీన్సు ప్యాంట్లు, తువ్వాళ్లతో కలిపి డ్రమ్ములో వేశాను. నలభై డిగ్రీల వేడినీళ్లు, స్పిన్ పన్నెండు వందలు. బ్రా హుక్కులు పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు.

ముప్పావు గంట తర్వాత మిషన్ కిర్రుమంది. పలక మీద మేకుతో గీసినట్టు చప్పుడు. ఆపి తలుపు తీస్తే వల సంచి ఉండాల్సిన చోట ఎర్రటి దారాల చిక్కు ఉంది. సంచి కన్నాలు ఎంత పెద్దవంటే వేలు దూరుతుంది. వేలు దూరేచోట హుక్కు దూరదా? హుక్కులు బయటికొచ్చి తువ్వాలును పట్టుకున్నాయి, లోపలేమో లెగ్గింగ్సును పట్టుకున్నాయి. మోకాలి దగ్గర దారం లేచి జానెడు పొడవున గీత పడింది. స్విమ్ సూటు పట్టీలు బ్రా పట్టీలతో కలిసి జడ అల్లుకున్నాయి.

అన్నీ విడదీసి చేత్తో తడిమి చూశాను. ఒక బ్రా ఒకవైపు గట్టిగా ఉంది, ఇంకోవైపు మెత్తగా వాలిపోయింది. చంక దగ్గర కుట్టు విడిపోయి అర అంగుళం కన్నం పడింది. లోపలి కమ్మీ లేదు.

తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతలో వెతికాను, లేదు. కింద ఫిల్టరు విప్పితే రెండు పిన్నీసులు, ఒక రూపాయి బిళ్ల, ఎర్రగడ్డ పొట్టు వచ్చాయి గానీ కమ్మీ రాలేదు. చేత్తో డ్రమ్ము తిప్పితే అదే గీరుడు. అంటే డ్రమ్ము కన్నంలోంచి జారి, డ్రమ్ముకూ బయటి తొట్టికీ మధ్య సందులో పడింది. "ఇంకోసారి తిప్పి చూద్దామా, అదే వస్తుందేమో," అన్నారు మా ఆయన. అలా తిప్పితే అది అడ్డంగా ఇరుక్కుని తొట్టిని చీలుస్తుందని ప్లగ్గు పీకేశాను.

మరునాడు మెకానిక్ వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. మిషన్ని ముందుకు లాగి, వెనక మూత విప్పి, హీటరు బయటికి తీశాడు. బోరు నీళ్ల సున్నం పట్టి అది ముగ్గు కర్రలా ఉంది. ఇంట్లో మిషన్ విప్పుతుంటే చూడకపోతే ఎట్ల? మామ కుర్చీ తెచ్చుకున్నారు. పక్కింటి పెద్దాయన కూడా వచ్చి నిలబడ్డారు. ఆ కుర్రాడు హీటరు తీసిన కన్నంలోంచి టార్చి కొట్టి, పట్టకారు దూర్చి మెల్లగా లాగాడు. నెలవంకలా వంగిన కమ్మీ ఒకటి బయటికొచ్చింది.

ఎవరూ మాట్లాడలేదు.

"ఏందప్పా ఇది?" అన్నారు మామ.

"బకెట్ చెయ్యేమో," అన్నారు పక్కింటాయన.

"బకెట్‌ది ఇంకా లావుంటుంది కదా. ఏం బాబూ, మిషన్లోదేనా?"

కుర్రాడు హీటరు వైపు చూశాడు. "మిషన్‌ది కాదు సార్. బట్టలది."

"బట్టల్లో కమ్మీ ఏంది?"

నేను టీ పెట్టే నెపంతో వంటింట్లోకి పోయాను. కాసేపటికి ఆ కుర్రాడు నీళ్లకని గుమ్మం దాకా వచ్చి, పైకప్పు చూస్తూ నాతో చెప్పాడు. "మేడం, అట్లాంటివి సన్న కన్నాల సంచిలో వెయ్యాల. హుక్కులు పెట్టి, జిప్పు మొన ఆ తొడుగులోకి తోసి. సంచిలో వేసినా కుట్టు విడిపోవచ్చు, కాకపోతే కమ్మీ సంచిలోనే ఉంటుంది, లోపలికి పోదు. ఆ సంచులు అమ్ముతారు మేడం..." అని చూపు దించి, మేకుల వైపు చూసి ఆగాడు. "ఇవే మేడం."

పొయ్యి దగ్గరున్న అత్త మూడు సంచులనూ చూసింది, నన్ను చూసింది. మాట్లాడకుండా ఎర్రగడ్డలు గంపలోకి కుమ్మరించింది.

"ముందే చెప్పకూడదా?"

"మామ ముందర ఎట్ల చెప్పాలత్తా?"

ఆ రోజు నుంచి ఆ సంచుల పెత్తనం అత్తదే. ముందు వాటిని విడిగా రెండుసార్లు ఉతికించింది, అయినా తెల్లగడ్డల సంచి వాసన ఇంకా పూర్తిగా పోలేదు. బ్రాలకు ఒకటి, లెగ్గింగ్సుకు ఒకటి, స్విమ్ సూటుకు ఒకటి. సగం కంటే ఎక్కువ నింపితే ఒప్పుకోదు. కుక్కితే బట్ట కదలక మురికి పోదు, బ్రా కప్పు అణిగి సొట్ట పడుతుంది. లెగ్గింగ్సు తిరగేసి వెయ్యాలి. వాటితో పాటు జీన్సు వెయ్యకూడదు, పల్చటి నూలు బట్టలే. చన్నీళ్లు, డెలికేట్ పెట్టి స్పిన్ నాలుగు వందలకు తగ్గిస్తాం. సంచి రాపిడిని ఆపుతుంది గానీ వేడిని ఆపలేదు కదా, ఎలాస్టిక్‌ను సాగదీసి చంపేది ఆ వేడే. వాసన కోసం పోసే కంఫర్టు కూడా మానేశాం, అది సాగే బట్టకు జిడ్డులా పట్టుకుంటుంది.

స్విమ్ సూటు మాత్రం ఇంటిదాకా ఆగదు. కొలను నీళ్లలోని క్లోరిన్ బట్టలోనే ఉండి ఎలాస్టిక్‌ను తింటూ ఉంటుంది. అందుకని అక్కడే కుళాయి కింద జాడించి తెమ్మని అమ్మాయికి చెప్పాం. కర్నూలు మే ఎండలో వడియాలు ఆరబెట్టొచ్చు గానీ ఇవి ఆరబెట్టకూడదని అత్త వరండా నీడలో తాడు కట్టించింది. బ్రాను పట్టీలు పట్టుకుని వేలాడదీస్తే తడి బరువుకు పట్టీలు సాగుతాయని మధ్యలో మడిచి తాడు మీద వేస్తుంది. పైన ఒక పాత తువ్వాలు కప్పుతుంది. అది ఎండ కోసం కాదు, మామ కోసం.

ఆ కమ్మీని మామ పారెయ్యలేదు. మంచి స్టీలని తుడిచి స్క్రూడ్రైవర్ల డబ్బాలో పెట్టుకున్నారు. నిన్న కూలర్ పైపులో నాచు అడ్డం పడితే ఆ కమ్మీతోనే ఒక్క నిమిషంలో తీశారు. "భలే వంపప్పా దీనికి. ఇట్లాంటిది ఇంకోటి యాడన్నా దొరుకుతుందేమో కనుక్కో," అని మా ఆయనకు పురమాయించారు.

మా ఆయన ఇనుప సామాన్ల అంగడికి పోతానని బండి తాళం తీశారు. దాని జత నా బీరువాలో ఉంది.