బాలునా, మనోనా? సాగదీసే చోట వినండి
"సినిమా పాటలో గొంతు తీరు ఒక్కటి చాలు, పాడింది బాలునో మనోనో ఇట్టే చెప్పేయొచ్చు" అంటుంటారు. ఇట్టే మాత్రం కాదండీ. మాటలు గబగబా సాగే చోట మా కోనసీమలో పాత పాటల పిచ్చి ఉన్నవాళ్లు కూడా తడబడతారు, ఒక అక్షరం పలికీ పలకగానే ఇంకోటి వచ్చేస్తుంది, గొంతు అసలు రంగు బయటపడే వ్యవధే ఉండదు. చరణం చివర ‘ఆ’ అనో ‘ఓ’ అనో సాగదీసే చోట వినాలి, అదీ పైస్థాయిలో. నా చెవికైతే అక్కడ బాలు గొంతు గుండ్రంగా, నిండుగానే ఉంటుంది, మనోది కాస్త సన్నబడి పదునెక్కుతుంది. శ్రుతిని బట్టి పోల్చుకుందామంటే కుదరదు, ఒకే శ్రుతిలో ఇద్దరి పాటలూ ఉండొచ్చు. అసలు స్వరంతో పాటు పుట్టే పై స్వరాల్లో ఏవి గట్టిగా వినిపిస్తాయన్న దాంట్లోనే తేడా ఉంది. అందుకే తీర్థాల్లో కొబ్బరిచెట్టుకు కట్టే హారన్ మైకులో విని పందెం కాయకండి, అది కింద ఉన్న బేస్‌నీ పైనున్న మెరుపునీ కోసేసి మధ్యలోది మాత్రమే వదులుతుంది, అందులో ఇద్దరూ ఒకరే! ఇంకోటి, బాలు నటుణ్ని బట్టి గొంతు మార్చేవారు. అల్లు రామలింగయ్యకు పాడినప్పుడు వేరే మనిషే అనిపిస్తారు, అలాంటి పాట పక్కన మనో పాట పెట్టి పోల్చితే ఏమీ తేలదు.