తలకు రెండు బిందెలు

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు ముప్పై ఏళ్ళకు పైగా దస్తావేజు లేఖరిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. దస్తావేజులో ఫుల్‌స్టాప్ పెడితే అక్కడ ఎవడో ఒకడు సందు చూసుకొని స్థలం కబ్జా చేస్తాడని ఆయన గట్టి నమ్మకం. అందుకే ఆయన రాసిన అమ్మకపు దస్తావేజుల్లో తూర్పు హద్దు దగ్గర మొదలైన వాక్యం నాలుగు దిక్కులూ తిరిగి, సాక్షుల సంతకాల దగ్గర గానీ ఊపిరి తీసుకోదు.

ఆ చెయ్యే ఇప్పుడు మా వాట్సాప్ గ్రూపులో నోటీసులు రాస్తోంది. మా బిల్డింగులో సగం మంది అద్దెకున్నవాళ్ళు. బీహార్, ఒడిశా, బెంగాల్ నుంచి ఉద్యోగాలకొచ్చిన పిల్లలు. వాచ్‌మన్‌ది ఛత్తీస్‌గఢ్. వీళ్ళకు తెలుగు మాట్లాడితే కొంత అర్థమవుతుంది, చదవడం రాదు. నోటీసు రాగానే కాపీ చేసి, ఫోన్‌లో హిందీలోకి మార్చుకొని చదువుతారు. ఆ సంగతి సెక్రటరీగారికి తెలియదు. తెలిసినా ఆయన మారి ఉండేవారు కాదనుకోండి.

పోయిన నెల ఒక బుధవారం రాత్రి పదకొండింటికి ఈ నోటీసు వచ్చింది. లైన్లు కూడా ఆయన పెట్టినవే.

"వాసులందరికీ తెలియజేయునది ఏమనగా నీళ్ళు వాసన వచ్చుచున్నవని ఫిర్యాదులు రాగా రేపు మనిషిని పిలిపించి కడిగించి బ్లీచింగు వేయించి మోటారు ఆపించి పైట్యాంకు సైతము ఖాళీ చేయించి సాయంత్రము వరకు కుళాయి నీళ్ళు తాగుటకు గానీ వంటకు గానీ ఉపయోగించుట

ఎంతమాత్రము కూడదు కనుక తలకు రెండు బిందెల చొప్పున పట్టి ఉంచుకొనవలెను పనిలో పనిగా దోమల మందు కూడా కొట్టించుచున్నాము కావున సహకరించగలరు ఇట్లు తమ విధేయుడు"

తెలుగువాళ్ళం రెండుసార్లు చదివి, నీళ్ళు పట్టుకోవాలన్నమాట అనుకొని పడుకున్నాం. మిగతా సగం బిల్డింగు మర్నాడు పొద్దున లేచాక హిందీలో చదివింది. వాళ్ళు చదివింది తెలుగులో చెప్పాలంటే ఇంచుమించు ఇలా ఉంది: రేపు ఒక మనిషిని పిలిచి అతన్ని కడగాలి. అతనికి బ్లీచింగ్ వేయాలి. కుళాయి నీళ్ళు సాయంత్రం దాకా తాగడానికీ వంటకూ ఉపయోగించడం. అసలు వద్దు, కాబట్టి తల మీద రెండు బిందెలు పెట్టుకోవాలి. మేం దోమల మందును కొడుతున్నాం.

మోటారు ఆపాలన్న ముక్క హిందీలో ఎక్కడా లేదు. అంత పొడుగు వాక్యంలో ఒక ముక్క జారిపోయినా మిగతాది చూడడానికి బాగానే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

పైగా గురువారం చదివినవాళ్ళకు 'రేపు' అంటే శుక్రవారం. కాబట్టి గురువారం పదింటికి సంపులో మనిషి దిగి, అడుగున బురదను చీపురుతో కదిలించి, బ్లీచింగ్ పొడి చల్లి, టీ తాగడానికి పైకొచ్చిన పది నిమిషాల్లో వాచ్‌మన్ రోజూ వేసినట్టే మోటారు వేశాడు. ఒక పాత చెప్పు తప్ప సంపులో ఉన్న బురద, బ్లీచింగ్ అన్నీ పైట్యాంకులోకి వెళ్ళాయి. రెండో అంతస్తు పిల్లలు ఆ నీళ్ళతోనే టీ పెట్టుకున్నారు. ఒక గుక్క తాగి, స్విమ్మింగ్ పూల్ వాసనొస్తోందని మిగతాది సింకులో పారబోశారు. ఒడిశా అబ్బాయి ఒకడు మాత్రం పాపం మనసున్నవాడు. కిందికొచ్చి, కడగాల్సిన మనిషి ఎక్కడున్నాడు, ఆయనకేమైంది అని అడిగాడు.

పైట్యాంకు మళ్ళీ కడగాలి, మళ్ళీ డబ్బులు. మీటింగులో సెక్రటరీగారు కడిగేవాడి దగ్గర్నుంచి అనువాద యంత్రం దాకా అందరినీ తిట్టారు. నా ఉద్యోగం యంత్రం చేసిన అనువాదాలు దిద్దడం. కాబట్టి అందరూ నావైపు చూశారు. వచ్చే గురువారం నోటీసు పంపే ముందు నాకు చూపించమన్నాను.

"నా తెలుగులో తప్పుందంటావా?" అన్నారాయన.

"తెలుగులో తప్పు లేదండీ. కడిగేది దేన్నో అందులో లేదు."

"సంపు అని వేరే చెప్పాలా? మనిషిని పిలిపించి మనిషినే కడిగిస్తారా ఎవరైనా?"

ఆ తర్కం మనిషికే తోస్తుంది. తెలుగులో కర్తనూ కర్మనూ వదిలేసి క్రియ ఒక్కటి చెప్పినా వినేవాడు పూరించుకుంటాడు. యంత్రం కూడా పూరించుకుంటుంది. కాకపోతే పక్కన ఏ నామవాచకం కనిపిస్తే దాన్ని తెచ్చి ఖాళీలో కూర్చోబెడుతుంది. 'మనిషిని పిలిపించి కడిగించి' అన్నచోట దానికి దొరికింది మనిషే.

తర్వాత ఆయనకు అసలు దెబ్బ చూపించాను. 'ఉపయోగించుట' దగ్గర లైను నిండింది కదా అని టైపు మిషన్ రోజుల అలవాటు కొద్దీ ఆయన ఎంటర్ నొక్కారు. చాలా అనువాద యంత్రాలు ఎంటర్ కనబడితే అక్కడికి వాక్యం అయిపోయిందనుకొని, పై ముక్కను వేరుగా, కింది ముక్కను వేరుగా అనువదిస్తాయి. తెలుగులో కూడదు, వద్దు, రాదు అన్నీ చివర వస్తాయి. నిషేధం కింది లైనులో పడింది, తాగమన్నది పై లైనులో మిగిలింది. ఆయన కళ్ళముందే ఆ ఒక్క ఎంటర్ తీసేసి మళ్ళీ అనువదించాను. మనిషిని కడగడం అలాగే ఉంది గానీ నీళ్ళు తాగొద్దన్న మాట మాత్రం చక్కగా వచ్చింది. సెక్రటరీగారు కళ్ళజోడు తీసి తుడుచుకొని, "ఒక్క మీట నొక్కితే ఇంత పనా?" అన్నారు. దస్తావేజులో ఒక్క సున్నా సంగతి తెలిసిన మనిషి కాబట్టి ఆ తర్వాత వాదన కొంచెం తగ్గింది.

నాలుగో అంతస్తులో విమానాల మరమ్మతు విభాగంలో పనిచేసే ఇంజనీరుగారున్నారు. వాళ్ళ మాన్యువల్స్ రాయడానికి సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ అని ఒక పద్ధతి ఉంది. ఏ పని ఎలా చేయాలో చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు, మామూలుగా ఒక వాక్యంలో ఒకే పని చెప్పాలి. అది ప్రధానంగా ఇంగ్లిష్ సరిగా రాని మెకానిక్కుల కోసం పుట్టింది గానీ యంత్రాలకూ బాగా పనికొస్తుంది. తెలుగులో విభక్తులు చాలావరకు మాటకే అతుక్కుంటాయి కాబట్టి ఇంగ్లిష్ 20 మనకు పది పన్నెండుతో సమానం అని నా లెక్క. ఈ పద్ధతి గురించి ఇంజనీరుగారు చెప్పడమే ఆలస్యం, సెక్రటరీగారు పట్టుదలకు పోయి మర్నాటికి కొత్త చిత్తు తెచ్చారు.

"గురువారం. కడగాలి. ఆపాలి. తాగరాదు. పట్టాలి. కొట్టాలి."

"నీకు కావలసింది ఇదేగా?" అన్నారు. పాతదే నయమనిపించింది. హిందీలో ఇది గురువారం ఎవరో ఎవరినో పట్టుకొని కొట్టే కార్యక్రమంలా వచ్చింది. వాక్యం పొట్టిదైతే చాలదు, ఎవరు, దేన్ని, ఎప్పుడు అన్నవి దాంట్లోనే ఉండాలి. యంత్రం పక్క వాక్యం చూస్తుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. అందుకే 'అది', 'వాటిని' అని కాకుండా విసుగొచ్చినా సంపు, సంపు అని మళ్ళీ మళ్ళీ రాయాలి.

ఇద్దరం కూర్చున్నాం. ఒక్కో మాటకూ ఆయనతో హద్దు తగాదా. 'రేపు' తీసేసి తేదీ, వారం, గంట పెట్టాం. 'తలకు' పోయి 'ఒక్కొక్కరికి' వచ్చింది. 'నీళ్ళు పట్టడం' కాస్తా 'నీళ్ళు నింపుకోవడం' అయింది. 'మందు కొట్టడం' దగ్గర ఆయన చాలాసేపు పట్టుబట్టారు, ఊళ్ళో అందరూ అనే మాటేగా అని. ఊళ్ళో ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉందని ఇంజనీరుగారు గుర్తుచేశాక 'దోమల మందు పిచికారీ చేస్తారు'కు ఒప్పుకున్నారు. చివరికి ఇలా తేలింది.

"15వ తేదీ గురువారం ఉదయం 10 గంటలకు పనివాళ్ళు సంపును కడుగుతారు. అదే రోజు పనివాళ్ళు పైట్యాంకును కూడా కడుగుతారు. పనివాళ్ళు సంపులో, పైట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వేస్తారు. ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు మనం మోటారు వేయకూడదు. ఆ సమయంలో కుళాయి నీళ్ళు తాగకండి. కుళాయి నీళ్ళతో వంట చేయకండి. ఒక్కొక్కరికి రెండు బిందెల నీళ్ళు బుధవారం రాత్రే నింపుకోండి. గురువారం పనివాళ్ళు దోమల మందు పిచికారీ చేస్తారు."

"ఇది రెండో తరగతి వాచకంలా ఉందయ్యా. 'పనివాళ్ళు, పనివాళ్ళు' అని ఆ పాటేమిటి?" అని ఆయన బాధపడ్డారు. నిజమే, చదవడానికి సొగసేం లేదు. పెళ్ళి శుభలేఖకు ఈ పద్ధతి పనికిరాదు.

పంపేముందు హిందీని మళ్ళీ తెలుగులోకి తిప్పి చూశాం. ఒక్క పొల్లు పోకుండా వచ్చింది. సెక్రటరీగారు మీసం దువ్వుకున్నారు. నాకెందుకో మనసొప్పక రెండో అంతస్తు బీహార్ అబ్బాయిని పిలిచి హిందీది చదవమన్నాను. చదివి, "సరే అంకుల్, మీరు మోటారు వేయకూడదు కదా, మేం వేస్తాంలెండి. ఎన్నింటికి వేయాలి?" అన్నాడు.

తప్పు 'మనం' దగ్గరుంది. తెలుగులో మనం అంటే నువ్వూ నేనూ అందరం, మేము అంటే నిన్ను మినహాయించి. హిందీలో రెంటికీ 'హమ్' ఒక్కటే. అసోసియేషన్ వాళ్ళు తమ గురించి చెప్పుకుంటున్నారని ఆ అబ్బాయి అనుకోవడంలో వింతేముంది? తిప్పి చూసినప్పుడు యంత్రం మర్యాదగా మళ్ళీ 'మనం' అనే ఇచ్చింది. తిరుగు అనువాదంలో ఉన్న చిక్కే ఇది. తప్పొస్తే ఎక్కడో తేడా ఉందని తెలుస్తుంది గానీ, ఒప్పొచ్చినంత మాత్రాన మధ్యలో ఉన్న భాష చదివేవాడికి ఒప్పుగా అందిందని కాదు. చదివేవాడొకడు దొరికితే వాడికి చూపించడమే మేలు. ఆ వాక్యాన్ని 'ఎవరూ మోటారు వేయకండి' అని మార్చి మళ్ళీ చూపిస్తే, "అయితే ఎవరు వేస్తారంకుల్?" అని నిరాశపడ్డాడు. సరిగ్గానే అర్థమైంది.

గురువారం మోటారు ఎవరూ వేయలేదు. ప్రతి ఇంట్లో బిందెలు, బకెట్లు, ఒకరింట్లో ప్రెషర్ కుక్కర్ కూడా నిండి ఉన్నాయి. సాయంత్రానికి ట్యాంకులు రెండూ శుభ్రమయ్యాయి.

ఇంత దిద్దినా నాకు ఒక్కటి మాత్రం వదలలేదు. 'ఇట్లు తమ విధేయుడు' తీసేయమంటే సెక్రటరీగారు ససేమిరా అన్నారు. చేవ్రాలు లేని పత్రం చెల్లదట. అది హిందీలో 'ఆప్‌కా ఆజ్ఞాకారీ' అయి కూర్చుంది. ఉత్తరాదిలో బళ్ళో పిల్లలు హెడ్మాస్టరుకు సెలవు చీటీ రాసి చివర పెట్టే మాట అది. కింద ఆయన పేరు పెట్టలేదు కాబట్టి అదే ఆయన పేరనుకున్నారు కొత్తగా దిగిన పిల్లలు. నిన్న లిఫ్టులో ఒకమ్మాయి ఎంతో వినయంగా నమస్కారం పెట్టి, "ఆజ్ఞాకారీ అంకుల్, మా బాత్రూమ్ కుళాయి లీకవుతోంది" అంది. ఆయన హుందాగా తలూపి, లిఫ్టు దిగాక నన్ను పక్కకు పిలిచారు.

"ఆజ్ఞలు జారీ చేసేవాడు అనేగా దానర్థం?"