అయిదు స్టార్లు పైకి, రెండు మార్కులు లోపలికి

ఫ్రీలాన్సర్లకి పనులు దొరికే వెబ్‌సైట్ అప్‌వర్క్‌లో కాంట్రాక్టు ముగిసిన మరుక్షణం నుంచి 14 రోజుల పాటు క్లయింటుగారే న్యాయమూర్తి. నైపుణ్యం, నాణ్యత, అందుబాటు, గడువు, కమ్యూనికేషన్, సహకారం అని ఆరు వరసలు ఉంటాయి, ఒక్కోదానికి అయిదు దాకా స్టార్లు వేస్తే సగటు తీసి రేటింగ్ చూపిస్తారు. ఆరు వరసలు ఎందుకు పెట్టారో మాత్రం న్యాయమూర్తిగారు పట్టించుకోరు, తీర్పు ముందే రాసిపెట్టుకుని ఉంటారు కాబట్టి.

ఒక పచ్చళ్ల వ్యాపారి కేసు చూద్దాం. వెబ్‌సైట్ 20 రోజుల్లో కావాలి. రెండో రోజు ఇస్తానన్న ఫొటోలు, ధరల పట్టిక ఆయన పదకొండో రోజున పంపారు (వాట్సాప్‌లో, మసగ్గా). సైట్ ఇరవై ఆరో రోజున చేతికొచ్చింది. మధ్యలో ఫ్రీలాన్సర్ నాలుగు రోజులు ఒక్క మాటైనా చెప్పకుండా మాయమయ్యాడు. చివర్లో చూస్తే ఫోన్‌లో ఆర్డర్ బటన్ ఆవకాయ బొమ్మ కింద దాక్కుంది, చెప్పిన రోజే సరిచేశాడు.

వ్యాపారిగారి తీర్పు: ఆరు రోజులు లేటు కాబట్టి గడువుకి ఒకటి. లేటైంది కాబట్టి కమ్యూనికేషన్‌కీ ఒకటి, అందుబాటుకీ ఒకటి. లేటుగా వచ్చిన పని బాగుండదు గనక మిగతా మూడింటికీ తలా రెండు. సగటు 1.5. ఒకే నేరానికి ఆరు చోట్ల జరిమానా!

నిజానికి సైట్ ఆరు రోజులు లేటైతే, ఫొటోలే తొమ్మిది రోజులు లేటు, అందుకని గడువు వరసలో కోయడానికి ఏమీ మిగల్లేదు. బటన్‌కి నాణ్యతలో ఒక స్టార్ తగ్గించొచ్చు. ఆ నాలుగు రోజుల మౌనానికి మాత్రం కమ్యూనికేషన్‌లో రెండే ఇవ్వండి, మొహమాటం అక్కర్లేదు. మిగతావి అయిదేసి. మొత్తం 26, ఆరుతో భాగిస్తే 4.33. ఆ మౌనం సంగతి ఒక వాక్యంలో రాసి, ఫొటోలు నేనే లేటు చేశానని ఇంకో వాక్యం కలిపితే తర్వాతి క్లయింటుకి పనికొచ్చే రివ్యూ అవుతుంది.

కానీ ఆ తీర్పు పంపేలోపే వ్యాపారిగారికి టెన్షన్ పట్టుకుంది, అవతలివాడు కూడా తనకి రేటింగ్ ఇస్తాడు కదా! ఇద్దరూ ఇచ్చేదాకా, లేదా ఆ 14 రోజులు దాటేదాకా ఎవరిది ఎవరికీ కనిపించదని చెప్పినా వినలేదు. అన్నింటికీ అయిదు కొట్టి "సూపర్ వర్క్" అని రాసేశారు. ఫ్రీలాన్సర్‌కి కనిపించని రహస్య ప్రశ్న ఒకటుంటుంది, ఇతన్ని ఇంకొకరికి సిఫారసు చేస్తారా అని, సున్నా నుంచి పది దాకా. అక్కడ మనసారా రెండు వేశారు. ఫ్రీలాన్సర్ పనితీరుకి అప్‌వర్క్ ఇచ్చే జాబ్ సక్సెస్ స్కోర్ లెక్కలోకి ఆ రహస్యం కూడా వెళ్తుంది. పాపం ఆ కుర్రాడు అయిదు స్టార్లు చూసుకుంటూ స్కోర్ ఎందుకు పడిందో తెలియక జుట్టు పీక్కుంటున్నాడు.

వ్యాపారిగారు ఇప్పుడు పొడుల విభాగం కోసం కొత్త పని పోస్ట్ చేశారు. "డెడ్‌లైన్ విషయంలో రాజీ లేదు. ఫొటోలు తర్వాత పంపుతాం."