లావెండర్ వాసనను దాచేదెలా?

“మా అమ్మ రోజూ కామొమైల్ టీ తాగి హాయిగా నిద్రపోతోంది, ఇక పరిశోధనలెందుకండీ?”

అది కామొమైల్ పువ్వు గుణమా, లేక పడుకునే ముందు వేడిగా ఏదో తాగుతూ నెమ్మదిగా కూర్చోవడం వల్లనా అన్నది తేలాలంటే, అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారితో పోల్చాలి. 2011లో అమెరికాలో నిద్రలేమి ఉన్న 34 మందిపై అలాగే చేశారు. ఒక వర్గానికి 270 మిల్లీగ్రాముల కామొమైల్ సారాన్ని రోజుకు రెండుసార్లు, 28 రోజులు ఇచ్చినా, నిద్రపోయిన మొత్తం సమయంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయితే అంత చిన్న బృందంలో స్వల్ప ప్రయోజనం ఉన్నా బయటపడకపోవచ్చు.

నిద్ర కోసం వాడే లావెండర్ నూనె చిక్కు వేరు. ఇప్పుడు మా కావలి దుకాణాల్లోనూ దొరుకుతున్న ఆ నూనెను వాసన చూపించి పరీక్షిస్తే, తనకు అందినదేమిటో మనిషికి వెంటనే తెలిసిపోతుంది, కాబట్టి “బాగా నిద్రపట్టింది” అని అతడు ఇచ్చే మార్కుల్లో అతడి ఆశ కూడా కలుస్తుంది. అందుకే రెండో వర్గానికి ఏమి ఇచ్చారన్నదే నేను ముందుగా చూస్తాను.